రిఫండ్ అంటూ రిక్వెస్ట్ వస్తే.. వెళ్లేది మీ డబ్బే!

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఇవాళ పది రూపాయల చాయ్‌కి కూడా ఫోన్ తీసి స్కాన్ చేస్తున్నాం. పరీక్ష ఫీజు, హాస్టల్ మెస్ బిల్లు, బస్‌పాస్, దుబాయ్ నుంచి నాన్న పంపిన డబ్బులోంచి అమ్మకు ఇవ్వాల్సిన వాటా.. అన్నీ యూపీఐలోనే. ఇంత అలవాటైన పద్ధతిలోనూ ఒక్క మాటకు చదువుకున్నవాళ్లు సైతం దొరికిపోతున్నారు. ఆ మాట ‘రిఫండ్’.

యూపీఐని నడిపే జాతీయ చెల్లింపుల సంస్థ (ఎన్‌పీసీఐ) 2025 జులై 29న బ్యాంకులకు, పేమెంట్ యాప్‌లకు ఒక సర్క్యులర్ పంపింది. ఒక వ్యక్తి మరో వ్యక్తిని ‘నాకు ఇంత పంపు’ అని యాప్‌లోనే అడిగే సౌకర్యాన్ని, అంటే కలెక్ట్ రిక్వెస్ట్‌ను, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి నిలిపేయాలన్నది దాని సారాంశం. ఆ దారిని మోసగాళ్లు విచ్చలవిడిగా వాడుకోవడమే ఇందుకు కారణం. వార్త చదివినవాళ్లలో చాలామంది ‘అయితే ఇక ఆ గొడవ లేనట్టే’ అనుకున్నారు. పూర్తిగా లేదనుకుంటే పొరపాటే. మూతపడింది ఒక తలుపు మాత్రమే. వ్యాపార సంస్థలు పంపే కలెక్ట్ రిక్వెస్ట్‌లను ఆ నిర్ణయం తాకలేదు. క్యూఆర్ కోడ్, పేమెంట్ లింక్, ఆటోపే వంటి వేరే తలుపులూ ఉన్నాయి. ఏ తలుపులోంచి వచ్చినా మోసగాడు చెప్పే అబద్ధం మాత్రం ఒకటే: ‘మీ డబ్బు మీకు వస్తోంది, ఓకే చేయండి’. అది ఎందుకు అబద్ధమో ఒక్కసారి అర్థమైతే ఏ కొత్త వేషంలో వచ్చినా పట్టేయొచ్చు.

పంపడం ఒకటి, అడగడం ఒకటి

యూపీఐలో డబ్బు కదలడానికి ప్రధానంగా రెండు పద్ధతులు. మొదటిది మనం రోజూ చేసేదే. అవతలి వ్యక్తి నంబరో, క్యూఆరో ఎంచుకుని, ఎంతో రాసి, పిన్ కొడతాం. డబ్బు మన ఖాతా నుంచి వెళ్తుంది. ఇక్కడ లావాదేవీని మొదలుపెట్టేది డబ్బు ఇచ్చేవాళ్లు.

రెండోది కలెక్ట్. ఇందులో మొదలుపెట్టేది డబ్బు తీసుకునేవాళ్లు. అవతలివాడు తన యాప్‌లో మీ యూపీఐ ఐడీ, మొత్తం, ఒక చిన్న నోట్ రాసి పంపుతాడు. అది వాడి యాప్ నుంచి ఎన్‌పీసీఐకి, అక్కడి నుంచి మీ యాప్‌కు వచ్చి నోటిఫికేషన్‌గా కనిపిస్తుంది. ఆ క్షణానికి ఒక్క రూపాయి కూడా కదల్లేదు. మీ ముందు ఉన్నది కిరాణా షాపువాడు రాసిచ్చిన బిల్లు లాంటి కాగితం, అంతే. మీరు `Pay` నొక్కి పిన్ కొడితే అప్పుడు మీ బ్యాంకు మీ ఖాతాలోంచి డబ్బు తీసి వాడి ఖాతాకు పంపుతుంది. `Decline` నొక్కినా, అసలు పట్టించుకోకుండా వదిలేసినా గడువు ముగిసి అదే పోతుంది. మీకు నష్టం లేదు.

బిల్లు మీద ఏం రాయాలన్నది బిల్లు రాసేవాడి ఇష్టం. కలెక్ట్ రిక్వెస్ట్‌లో నోట్ కూడా అంతే. అక్కడ ‘రిఫండ్’ అని ఉన్నా, ‘క్యాష్‌బ్యాక్ అప్రూవ్డ్’ అని ఉన్నా ఆ అక్షరాలు టైప్ చేసింది డబ్బు అడుగుతున్నవాడే. బ్యాంకు గానీ ఎన్‌పీసీఐ గానీ వాటిని చూసి ముద్ర వేయలేదు. పంచాయతీ ఆఫీసు బోర్డు పెట్టుకున్నంత మాత్రాన పాన్‌డబ్బా పంచాయతీ ఆఫీసు కాదు కదా!

మరి ఇంత సులువైన తేడా దగ్గర ఎందుకు తడబడుతున్నాం? మన పాత అలవాటు అటు నడిపిస్తోంది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీ కార్మికురాలు పింఛను తీసుకోవాలంటే వేలిముద్ర వేయాలి. మనీయార్డర్ వస్తే పోస్ట్‌మ్యాన్ కాగితంపై సంతకం చేయాలి. బ్యాంకు మిత్ర దగ్గర నగదు తీసుకోవాలన్నా వేలు పెట్టాలి. తరతరాలుగా ‘పైసలు చేతికి రావాలంటే మనం ఒక గుర్తు పెట్టాలి’ అనేది మనసులో నాటుకుపోయింది. అందుకే ఫోన్లో ఎవడైనా ‘మీ రిఫండ్ కోసం పిన్ కొట్టండి’ అంటే అది సహజంగానే వినిపిస్తుంది. యూపీఐలో ఈ లెక్క తిరగబడింది. ఇక్కడ డబ్బు అందుకునేవాళ్లు ఏ గుర్తూ పెట్టరు. గుర్తు పెట్టేది ఇచ్చేవాళ్లే.

కోరుట్లలో ఒక సాయంత్రం అనుకోండి

విషయం అంకెల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇది జరిగిన సంఘటన కాదు, ఇలాంటి మోసాలు నడిచే తీరును చూపే ఉదాహరణ. 2025 వేసవి అనుకోండి, అప్పటికి వ్యక్తుల మధ్య కలెక్ట్ ఇంకా నడుస్తోంది. మీరు కోరుట్లలో డిగ్రీ చివరి ఏడాది. ఒక ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు చేస్తూ రూ.800 ఫీజు కట్టారు. సైట్ ఆగిపోయింది. ఖాతాలో డబ్బు కట్ అయింది కానీ దరఖాస్తులో ‘పేమెంట్ ఫెయిల్డ్’ అని ఉంది. మీ ఖాతాలో ఇంకా రూ.23,600 ఉన్నాయి. అందులో ఎక్కువ భాగం ఇంటి కిరాయికి, చెల్లె కాలేజీ ఫీజుకు దాచింది.

కంగారులో గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతికారు. కనిపించిన మొదటి నంబరుకు ఫోన్ చేశారు. ఆ నంబరు మోసగాడు పెట్టుకున్నదే. వాడు మర్యాదగా మాట్లాడాడు. పేరు, పరీక్ష, మొత్తం అన్నీ అడిగాడు. నిజానికి ఆ వివరాలన్నీ మీరే చెప్పారు, వాడు తిరిగి మీకే అప్పజెప్పాడు. అయినా వినేటప్పుడు ‘వీళ్ల దగ్గర నా రికార్డు ఉంది’ అనిపిస్తుంది. తర్వాత యూపీఐ ఐడీ అడిగి, ‘మేడమ్, రూ.800 రిఫండ్ పంపిన. నోటిఫికేషన్ వచ్చింది చూడండి, ఓకే చేసి పిన్ కొట్టండి’ అన్నాడు.

కొట్టారు. ఖాతాలో రూ.22,800 మిగిలింది. అంటే రూ.800 రాకపోగా ఇంకో రూ.800 పోయింది. మీరు అడిగితే వాడు తొణకలేదు. ‘సర్వర్ ప్రాబ్లమ్ మేడమ్, రివర్స్ అయింది. రెండూ కలిపి రూ.1,600 వేస్తున్నా’ అన్నాడు. మళ్లీ రిక్వెస్ట్, మళ్లీ పిన్. ఇప్పుడు రూ.21,200. ఇక్కడి నుంచి మీ ఆలోచన మారిపోతుంది. ఇప్పుడు మీరు వెంటాడుతున్నది మొదటి రూ.800 ఒక్కటే కాదు. పోయిన మొత్తం రూ.3,200 అయింది. ఫోన్ పెట్టేస్తే అది పోయినట్టే అన్న భయం. వాడికి కావాల్సింది కూడా అదే. ‘మీ ఖాతా వెరిఫై కావట్లేదు, మూడు చిన్న రిక్వెస్ట్‌లు వస్తాయి, అన్నీ ఒకేసారి తిరిగొస్తాయి’ అని ఒక్కోటి రూ.1,999 చొప్పున మూడు పంపాడు. చివరికి ఖాతాలో మిగిలింది రూ.15,203.

మొత్తం ఐదు రిక్వెస్ట్‌లు, ఐదుసార్లు పిన్, పోయినవి రూ.8,397. రూ.1,999 అనే అంకె ఎందుకంటే అప్పట్లో వ్యక్తుల మధ్య ఒక కలెక్ట్ రిక్వెస్ట్‌కు రూ.2,000 పరిమితి ఉండేది. పరిమితి వల్ల ఒకే దెబ్బకు ఖాతా ఖాళీ కాలేదు కానీ మోసగాడు చిన్న చిన్న ముక్కలుగా తీసుకునే దారి వెతుక్కున్నాడు. చివరికి ఆ దారినే మూసేయాల్సి వచ్చింది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఎక్కడా హ్యాకింగ్ లేదు. మీ పిన్ వాడికి తెలియదు, వాడు అడగనూ లేదు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, పిన్ ఎవరికీ చెప్పొద్దు’ అన్న హెచ్చరికను మీరు అక్షరాలా పాటించారు. అయినా డబ్బు పోయింది. ఎందుకంటే పిన్‌ను మీరు చెప్పలేదు, వాడు చూపించిన చోట మీరే వాడారు.

పిన్ కొడితే అసలేం జరుగుతుంది?

మీరు కొట్టిన పిన్ ఫోన్లోనే రహస్య సంకేతంగా మారి మీ ఖాతా ఉన్న బ్యాంకుకు వెళ్తుంది. అది సరైనదేనా అని చూసేది ఆ బ్యాంకే. సరైనదైతే బ్యాంకు దృష్టిలో అది మీరు సంతకం చేసిన చెక్కుతో సమానం. ‘ఈ మొత్తం నా ఖాతాలోంచి తీసి ఫలానా ఐడీకి ఇవ్వండి’ అని మీరు ఆదేశించినట్టు. కొన్ని సెకన్లలో అవతలి బ్యాంకులో జమ అయిపోతుంది. మధ్యలో ఆపి ‘నిజంగానే పంపాలా?’ అని అడిగే క్లర్కు ఎవరూ లేరు.

డబ్బు తీసుకునే పక్క బ్యాంకు మాత్రం తీసుకునేవాళ్లను పిన్ అడగదు. జగిత్యాల కూరగాయల మార్కెట్‌లో టమాటాలు అమ్మే ఆమెను చూడండి. రోజుకు వందమంది ఆమె క్యూఆర్‌కు డబ్బు వేస్తారు. ఆమె ఒక్కసారి కూడా పిన్ కొట్టదు. స్పీకర్ బాక్స్ మోగుతుంది, అంతే. డబ్బు వచ్చేటప్పుడు జరగాల్సింది అదే.

‘పిన్ కొడితే డబ్బు పోతుంది’ అన్నది మంచి సూత్రమే గానీ దానికి ఒక మినహాయింపు ఉంది. బ్యాలెన్స్ చూసుకోవడానికి కూడా యాప్ పిన్ అడుగుతుంది. 2024 చివర్లో, 2025 మొదట్లో ‘జంప్డ్ డిపాజిట్’ పేరుతో వార్తల్లోకి వచ్చిన మోసం ఈ మినహాయింపు చుట్టూ తిరిగిందే. తెలియని వ్యక్తి మీ ఖాతాలో కొంత డబ్బు వేస్తాడు. వెంటనే పెద్ద మొత్తానికి రిక్వెస్ట్ పంపుతాడు. ఎంత వచ్చిందో చూద్దామని మీరు యాప్ తెరిచి పిన్ కొడితే అది రిక్వెస్ట్‌కు పడిపోతుందన్నది ప్రచారం. దీనిపై ఎన్‌పీసీఐ 2025 జనవరిలో వివరణ ఇచ్చింది. యాప్ తెరిచినంత మాత్రాన, బ్యాలెన్స్ చూసినంత మాత్రాన ఏ రిక్వెస్టూ ఆమోదం పొందదు. ఆ రిక్వెస్ట్‌లోకి వెళ్లి, పే నొక్కి, ఆ తర్వాత పిన్ కొడితేనే డబ్బు వెళ్తుంది. కాబట్టి భయపడాల్సింది పిన్‌కు కాదు. పిన్ అడుగుతున్న తెర మీద ఏం రాసి ఉందో చదవకపోవడానికి. అక్కడ మొత్తం, ఎవరికి వెళ్తోందో పేరు ఉంటాయి. బ్యాలెన్స్ తెర మీద అవి ఉండవు. ఆ తేడా చూడటానికి రెండు సెకన్లు చాలు.

ఇంకో కొత్త మార్పు కూడా గుర్తుంచుకోవాలి. 2025 అక్టోబరు నుంచి యూపీఐలో పిన్‌కు బదులు ఫోన్‌లోని వేలిముద్ర, ముఖ గుర్తింపు వాడుకునే వీలు వచ్చింది. వాడాలా వద్దా అన్నది మన ఇష్టం. సౌకర్యమే, కానీ పిన్ కొట్టేటప్పుడు ఉండే ఆ రెండు సెకన్ల ఆలోచన కూడా తగ్గిపోతుంది. వేలు పెట్టడం అంటే పిన్ కొట్టడమే, పిన్ కొట్టడం అంటే చెక్కు మీద సంతకమే.

అసలు రిఫండ్ ఎట్లా వస్తుంది?

నిజమైన రిఫండ్‌కు మీ అనుమతి అక్కర్లేదు. మీరు కట్టిన పాత లావాదేవీకి ఒక నంబరు ఉంటుంది. వ్యాపారి తన బ్యాంకు ద్వారా ఆ లావాదేవీని పట్టుకుని డబ్బు వెనక్కి పంపుతాడు. అది మీరు ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాలోకే మామూలు జమగా వస్తుంది. మీరు నిద్రపోతున్నా వస్తుంది, ఫోన్ స్విచ్ఛాఫ్‌లో ఉన్నా వస్తుంది. మీరు చేయాల్సిన పని ఏమీ లేదు.

పై ఉదాహరణలో ఉన్నట్టు డబ్బు కట్ అయి అవతల అందనప్పుడు కూడా అంతే. దీనికి రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న గడువులు పెట్టింది. ఒక వ్యక్తికి పంపిన డబ్బు అందకపోతే లావాదేవీ జరిగిన మర్నాటికల్లా వెనక్కి రావాలి. వ్యాపారికి కట్టిన డబ్బు ఖరారు కాకపోతే ఐదు రోజుల్లో తిరిగి రావాలి. ఆ గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకు రూ.100 చొప్పున ఖాతాదారుకు పరిహారం ఇవ్వాలి. అంటే ఆ కోరుట్ల అమ్మాయి చేయాల్సింది ఐదు రోజులు ఓపిక పట్టడమే. అప్పటికీ రాకపోతే యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కి, అక్కడే ఉండే సహాయం విభాగంలో ఫిర్యాదు చేయాలి, లేదా బ్యాంకు శాఖకు వెళ్లాలి. గూగుల్‌లో నంబరు వెతకాల్సిన అవసరమే లేదు.

‘తప్పుగా మీ నంబరుకు రూ.3,000 వేసిన, తిరిగి పంపండి అన్నా’ అంటూ ఫోన్ వస్తే? ముందు మీ బ్యాంకు స్టేట్‌మెంట్ చూడండి, మెసేజ్ కాదు. ‘మీ ఖాతాలో జమ అయింది’ అనే ఎస్సెమ్మెస్‌ను ఎవరైనా తయారు చేసి పంపొచ్చు. నిజంగానే జమ అయి ఉన్నా వాళ్లు పంపిన రిక్వెస్ట్‌నో లింక్‌నో వాడొద్దు. ‘మీ బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి, బ్యాంకు నన్ను అడిగితే ఒప్పుకుంటా’ అని చెప్పండి. నిజాయితీపరుడికి అందులో ఇబ్బందేమీ ఉండదు.

సిరిసిల్లలో కొత్త వేషాలు

వ్యక్తుల మధ్య కలెక్ట్ మూతపడ్డాక మోసం ఎటు తిరుగుతుందో చూద్దాం. సిరిసిల్లలో మరమగ్గాల ఇంటి పిల్లలు కొందరు ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో చీరలు అమ్ముతుంటారు. అలాంటి మీకు ఒక ‘హోల్‌సేల్ కస్టమర్’ ఫోన్ చేశాడనుకోండి. ఇరవై చీరలు కావాలంటాడు, బేరం కూడా ఆడడు. అడ్వాన్స్ రూ.5,000 పంపుతానని ఒక క్యూఆర్ బొమ్మ పంపుతాడు. ‘దీన్ని స్కాన్ చేస్తే అడ్వాన్స్ మీ ఖాతాలో పడుతుంది’ అంటాడు.

క్యూఆర్‌ను స్కాన్ చేసేది ఎప్పుడూ డబ్బు ఇచ్చేవాళ్లే. తీసుకునేవాళ్లు క్యూఆర్ చూపిస్తారు. చీర అమ్ముతున్నది మీరు కాబట్టి క్యూఆర్ మీది కావాలి, స్కాన్ వాడు చేయాలి. మీరు చేయమన్నాడంటే అమ్మకం తిరగబడింది. ఆ బొమ్మ మీద ‘రిసీవ్ రూ.5,000’ అని పెద్ద అక్షరాలతో ఉన్నా అది వాడు అతికించుకున్న రాతే. ఏటీఎంలో యూపీఐతో నగదు తీసుకునేటప్పుడు మనమే స్కాన్ చేస్తాం కదా అనొచ్చు. నిజమే, అక్కడ కూడా ఆ నగదు మీ ఖాతాలోంచే తగ్గుతుంది.

పేమెంట్ లింక్ ఇంకో వేషం. ‘రిఫండ్ క్లెయిమ్ చేసుకోండి’ అన్న లింక్ నొక్కితే మీ ఫోన్లోని యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. మొత్తం, ఐడీ ముందే నింపి ఉంటాయి. మీరు పిన్ మాత్రం కొట్టాలి. కలెక్ట్ అనే పేరు లేదు గానీ పని అదే. మూడోది ఆటోపే. ఒక్కసారి ఒప్పుకుంటే వాయిదాలవారీగా ఖాతాలోంచి తీసుకునే అనుమతి ఇది. ‘రిఫండ్ కోసం ఖాతా లింక్ చేస్తున్నాం’ అంటూ ఇలాంటి అనుమతి తీసుకుంటే ఆ రోజు ఏమీ పోనట్టే ఉండి తర్వాత పోతుంటుంది. యాప్‌లో ఆటోపే అనే విభాగం తెరిచి మీరు ఇచ్చిన అనుమతులేంటో ఇవాళే ఒకసారి చూడండి. తెలియనిది ఉంటే అక్కడే రద్దు చేయొచ్చు.

ఒక మంచి మార్పు కూడా వచ్చింది. 2025 జూన్ చివరి నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు పంపేముందు అవతలి వ్యక్తికి బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపించాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. వాడు మాట్లాడేది ‘పరీక్షల బోర్డు రిఫండ్ విభాగం’ నుంచి. తెర మీద మాత్రం ఎక్కడో ఉన్న ఒక వ్యక్తి పేరో, మొబైల్ షాపు పేరో కనిపిస్తుంది. ఆ రెండూ కలవకపోతే ఫోన్ పెట్టేయడానికి అది చాలు.

బ్యాంకు ఎందుకు తిరిగివ్వదు?

డబ్బు పోయినవాళ్లు మొదట బ్యాంకుకే పరుగెత్తుతారు. అక్కడ ‘పిన్ మీరే కొట్టారు కదా’ అన్న మాట వినాల్సి వస్తుంది. వినడానికి కటువుగా ఉన్నా దాని వెనుక ఒక నిబంధన ఉంది. అనుమతి లేని ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో నష్టం ఎవరు భరించాలో రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6న స్పష్టం చేసింది. బ్యాంకు తప్పూ మీ తప్పూ కాకుండా వేరేవాళ్ల వల్ల డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో చెప్తే మీకు నష్టం ఉండదు. మీ నిర్లక్ష్యం వల్ల పోతే మాత్రం బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మీదే. చెప్పిన తర్వాత కూడా పోతే అది బ్యాంకుది.

కార్డు నకలు చేసి దొంగిలించిన కేసులో ‘నేను అనుమతించలేదు’ అనొచ్చు. రిక్వెస్ట్‌ను మీరే తెరిచి, మీరే పిన్ కొట్టిన కేసులో ఆ మాట నిలబెట్టడం కష్టం. మోసపోయి ఇచ్చినా అనుమతి ఇచ్చినట్టే రికార్డవుతుంది. అందుకే ఈ రకం మోసంలో నిబంధనలు కాపాడతాయన్న నమ్మకం కన్నా వేగంగా కదలడం మీదే ఎక్కువ ఆధారపడాలి. చివరి వాక్యం కూడా మర్చిపోవద్దు. బ్యాంకుకు ఎంత త్వరగా చెప్తే అక్కడి నుంచి బాధ్యత అటు మారుతుంది.

పోయిందని తెలిసిన నిమిషం నుంచి

మొదట ఫోన్ కట్ చేయండి. వాడితో వాదించడం, ‘తిరిగి ఇస్తావా లేదా’ అని బెదిరించడం వాడికి సమయం ఇవ్వడమే. తర్వాత 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ ఆర్థిక మోసాల జాతీయ హెల్ప్‌లైన్. మీరు ఇచ్చిన వివరాలతో ఫిర్యాదు నమోదైతే డబ్బు చేరిన బ్యాంకుకు వెంటనే సమాచారం వెళ్తుంది. డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటే అక్కడే ఆపేస్తారు. వేరే ఖాతాకు మారి ఉంటే ఆ బ్యాంకుకు చెప్తారు. మోసగాళ్లు దాన్ని చకచకా నాలుగైదు ఖాతాలు తిప్పి ఏటీఎంలో తీసేస్తారు. నగదుగా మారాక ఆపడానికి ఏమీ మిగలదు. అందుకే తెల్లారి చూద్దాం అనుకుంటే కుదరదు.

ఫోన్ చేసేటప్పుడు దగ్గర ఉండాల్సింది ఒక్కో లావాదేవీకి ఉండే 12 అంకెల యూపీఐ రెఫరెన్స్ నంబరు, మొత్తం, సమయం, అవతలి యూపీఐ ఐడీ. ఇవన్నీ యాప్ హిస్టరీలో ఉంటాయి. స్క్రీన్‌షాట్లు తీయండి. సిగ్గుతోనో, ఇంట్లో తిడతారన్న భయంతోనో చాట్, కాల్ లిస్టు చెరిపేయొద్దు, అవే సాక్ష్యాలు. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు చేయొచ్చు. బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. స్థానిక పోలీస్ స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వండి. ఆపిన డబ్బును తిరిగి మీకు ఇప్పించాలంటే కోర్టు ఉత్తర్వు దాకా వెళ్లాల్సి రావచ్చు, అప్పుడు ఆ కాగితాలే అక్కరకొస్తాయి.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. డబ్బు పోయిన కొన్నాళ్లకు ‘సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు రికవరీ అయింది, రిలీజ్ కోసం ఈ రిక్వెస్ట్ ఓకే చేయండి’ అని ఫోన్ రావచ్చు. ఒకసారి నమ్మినవాళ్ల నంబర్లు చేతులు మారతాయి. ఇది కూడా రిఫండ్ కథే, టోపీ మాత్రం పోలీసుది.

ఆ ఖాతా మీది కాకుండా చూసుకోండి

యువత తెలుసుకోవాల్సిన ఇంకో వైపు ఉంది. మోసగాడు తన సొంత ఖాతాలోకి డబ్బు తీసుకోడు. పైన చెప్పిన నాలుగైదు ఖాతాల గొలుసులో ఉండేది చాలాసార్లు ఒక విద్యార్థో, నిరుద్యోగో. ‘ఖాతా తెరిచి ఏటీఎం కార్డు, సిమ్ ఇస్తే నెలకు ఇంత ఇస్తం’, ‘మీ ఖాతాలో పడ్డ డబ్బును ముందుకు పంపితే కమీషన్’, ‘ఇంట్లోంచే పేమెంట్ ప్రాసెసింగ్ ఉద్యోగం’.. ఆఫర్ ఏ పేరుతో వచ్చినా పని అదే.

కోరుట్ల అమ్మాయి రూ.8,397 అలాంటి ఖాతాలో పడితే 1930 ఫిర్యాదుతో మొదట ఆగేది ఆ ఖాతానే. పోలీసులకు మొదట దొరికే పేరు, ఆధార్, ఫొటో ఆ ఖాతాదారువే. కంప్యూటర్ ద్వారా వేరేవాళ్లలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. ఖాతా ఇచ్చినవాడు ‘నాకేం తెల్వదు’ అన్నా అది విచారణలో రుజువు చేసుకోవాల్సిన మాట. ఈలోగా గల్ఫ్‌కో, ప్రభుత్వ ఉద్యోగానికో పోలీస్ వెరిఫికేషన్ వస్తే ఆ కేసు ముందు నిలబడుతుంది. నెలకు వచ్చే రెండు, మూడు వేల కమీషన్‌కు అది చాలా పెద్ద ధర.

ఇంట్లో అమ్మానాన్నలకు, పక్కింటి అవ్వకు ఇదంతా వివరించడం కష్టమైతే ఒక్క మాట చెప్పండి. ‘పైసలు వచ్చేటప్పుడు ఫోన్ మోగుతది. పైసలు పోయేటప్పుడే ఫోన్ అడుగుతది’. అడిగిందంటే పోతున్నట్టే. అప్పుడు ఎంత, ఎవరికి అని చదవాలి. తెలియనివాళ్లకైతే డిక్లైన్ నొక్కాలి.